గెలిచే జట్టు ముందే తెలిసినవాడు

"నూటికి నూరు గ్యారంటీ" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న వీధిలోకి ప్లాస్టిక్ కుర్చీలమ్మే బండి వచ్చి మైకులో అదే మాట అరిస్తే, బయటికి పోయి వాడితో కొట్లాట పెట్టుకున్నాను. పాపం, వాడికేం తెలుసు? కుర్చీ విరిగితే మార్చిస్తానంటున్నాడు, అంతే. నేను తిట్టింది వాణ్ని కాదు. పోయిన ఎండాకాలం మా ఇంట్లోకి ఫోనులోంచి దూరినవాణ్ని. వాడి ముఖం నాకు తెలియదు, ఊరు తెలియదు. అందుకే ఆ కోపం దొరికినవాళ్ళ మీదల్లా పోతోంది.

ఆదోనిలో పత్తి మార్కెట్ యార్డు గేటు పక్కన నాకు ఉగ్గాని బండి ఉంది. పొద్దున ఆరుకు పొయ్యి వెలిగిస్తే పదకొండు దాకా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, టీ. మా ఆయన పని ఆ యార్డు లోపలే, ఒక మండీలో. రైతు తెచ్చిన పత్తి రాశిలోకి మోచేతి దాకా చెయ్యి దోపి, అడుగు నుంచి పిడికెడు పత్తి లాగి, తడి ఎంతుంది, పింజ ఎట్లుంది, ఏ ధర పలుకుతుంది అని చెప్పడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్నాడు. పైన మంచి పత్తి పరిచి అడుగున నీళ్ళు చల్లి తెచ్చేవాళ్ళుంటారు. వాళ్ళను ఆయన చిటికెలో పట్టేస్తాడు. యార్డులో ఆయన ఒక రాశి బాగుందంటే బాగున్నట్టే. రైతూ మాట్లాడడు, కొనేవాడూ మాట్లాడడు.

ఇంత తెలివైన మనిషి మోసపోయింది కూడా ఆ తెలివితోనే. అదే నాకు మింగుడు పడదు.

ఏప్రిల్ వచ్చేసరికి యార్డుకు పత్తి రావడం దాదాపు ఆగిపోతుంది. పెద్దకడుబూరు వైపు నుంచి ఒకటీ అరా బండ్లు వస్తే వచ్చినట్టు. హమాలీలకు పనుండదు. సీజన్లో మూటలు మోసి మిగిల్చుకున్న నాలుగు రూపాయలతోనే వానలు పడేదాకా ఇల్లు నడపాలి. మా బండి దగ్గర కూర్చునే హమాలీలు ఏడుగురు. వాళ్ళలో పెద్దాయనను అందరూ చాచా అంటారు. అరవై దాటాయి, ఇంకా మూట ఎత్తుతాడు. ఆయన భార్యకు షుగరు. ఎండాకాలం డబ్బంటే వాళ్ళింట్లో బియ్యమూ, ఆమె మందులూ.

ఆ ఖాళీ రోజుల్లోనే మా ఆయనను ఎవరో ఒక గ్రూపులో కలిపారు. క్రికెట్ టిప్పుల గ్రూపు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకడు కారు మీద నోట్ల కట్టలు పరుచుకుని కూర్చున్న బొమ్మ. వేలమంది ఉన్నారట అందులో. కానీ రాసేది వాడొక్కడే, మిగతావాళ్ళకు నోరు లేదు. రోజూ ఎవరెవరో గెలిచిన డబ్బుల ఫొటోలు. "థాంక్యూ బాస్, ఇల్లు కట్టుకున్నా" అని మెచ్చుకోళ్ళు. అవీ వాడే పెడతాడు. ఓడినవాడు ఒక్కడు కూడా అందులో కనపడడు. అన్ని వేలమందిలో ఒక్కడూ ఓడలేదంటే అనుమానం రావద్దా? నాకూ రాలేదు, అబద్ధమెందుకు. నేను పొయ్యి దగ్గర నిలబడి "ఏం చూస్తాండావప్పా ఆ ఫోన్లో" అని గొణగడం తప్ప పట్టించుకోలేదు.

తర్వాత వాడు మా ఆయనకు విడిగా మెసేజీ పెట్టాడు. మ్యాచ్ లోపల ఫిక్స్ అయిపోయింది, నూటికి నూరు గ్యారంటీ, మాకు మనుషులున్నారు, మీరు నమ్మకస్థులని మీ ఒక్కరికే చెబుతున్నాం, ముందు మూడు మ్యాచ్‌లు ఉచితం, డబ్బు పెట్టకండి, ఊరికే చూడండి అన్నాడు. మా ఆయన డబ్బు పెట్టలేదు, చూశాడు. మొదటిది వాడు చెప్పిన జట్టే గెలిచింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"మూడు చోట్ల చెయ్యి పెట్టి చూసినా. మూడూ ఒకటే సరుకు" అన్నాడు మా ఆయన, బండి దగ్గర, ఏడుగురి ముందు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన పని తెలిసినవాళ్ళకు ఆ మాట బరువు తెలుసు. వాళ్ళు గ్రూపు చూడలేదు, వాడు ఎవడో అడగలేదు. ఈయన చెయ్యి పెట్టి చూశానన్నాడు కదా, చాలు. నాలుగో మ్యాచ్ నుంచి డబ్బు కట్టాలి. రెండువేలు మెంబరు ఫీజు, వాడు పంపిన లింకులో మూడువేలు ఆట డబ్బు. మనిషికి ఐదువేలు. గురువారం సాయంత్రం మ్యాచ్, ఐదు గంటల్లోపల పంపాలి. ఆలస్యమైతే సీట్లు అయిపోతాయట. బస్సా అది, సీట్లు అయిపోవడానికి?

ఆ గురువారం నేను ఎమ్మిగనూరులో ఉన్నాను. మా తమ్ముడు అక్కడ మగ్గం నేస్తాడు. మరదలికి జ్వరమని చూడ్డానికి పోయాను. పోయేసరికి జ్వరం తగ్గి కూర్చుని నూలు కండెలు చుడుతోంది. తమ్ముడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. అన్నం తిని మాట్లాడుకుంటుంటే వాడి ఫోను మోగింది. చూసి, ముసిముసిగా నవ్వుకున్నాడు. ఏందిరా అంటే చూపించాడు.

అదే నల్లకళ్ళద్దాలు. అదే కారు. అవే నోట్ల కట్టలు. మా ఆయన నాకు చూపించిన మాటలే, అచ్చుతప్పులతో సహా. "మీ ఒక్కరికే చెబుతున్నాం" అనేది కూడా. కానీ పొద్దున మా ఆయన బండి దగ్గర అందరికీ చెప్పింది ఎర్రచొక్కాల జట్టు. తమ్ముడి ఫోనులో ఉన్నది నీలంచొక్కాల జట్టు. మ్యాచ్ ఒకటే, మనిషి ఒకడే.

"ముందు మూడు మ్యాచులు నీకేం చెప్పినాడు రా?" అని అడిగాను. చెప్పాడు. మా ఆయనకు చెప్పినవే, మూడూ కలిశాయి. నాలుగోది మాత్రం తిరగబడింది. వాడు పొరపాటున తప్పు రాశాడేమో అన్నాడు తమ్ముడు, ఇంకా ఆశ చావక.

మరదలు ఇంటర్ దాకా చదివింది. పక్కనున్న బుట్టలోంచి కండెలు తీసి నేల మీద పెట్టింది. ఎనిమిది. నాలుగు ఇటు, నాలుగు అటు జరిపింది. ఈ నలుగురికి ఎర్రజట్టని చెప్పినాడు, ఆ నలుగురికి నీలంజట్టని చెప్పినాడు అంది. ఎర్రది గెలిచిందనుకో. నీలంజట్టు వైపు నాలుగు కండెలు తీసి బుట్టలో పారేసింది. మిగిలిన నాలుగింటిని మళ్ళీ రెండూ రెండూ చేసింది. ఇంకో రెండు బుట్టలోకి పోయాయి. చివరికి ఒకటి మిగిలింది. దాన్ని తమ్ముడి ఒళ్ళో వేసింది.

"ఇదో, ఇది నువ్వు. ఎనిమిదిమందిలో ఎవురో ఒగరికి మూడుసార్లూ కలవాల్సిందే. ఎనిమిదివేలమందికి పంపితే వెయ్యిమందికి కలుస్తుంది. ఆ వెయ్యిమందినే డబ్బడుగుతాడు" అంది.

వాడికి ఆట గురించి ఒక్క ముక్క తెలియక్కరలేదు. ఫిక్సింగూ లేదు, లోపలి మనుషులూ లేరు. ఉన్నదల్లా చాలా ఫోన్ నంబర్లు. మొదటి మూడింటిలో ఎవరికి తప్పు చెప్పాడో వాళ్ళతో మళ్ళీ మాట్లాడడు. పెద్ద గ్రూపులో తప్పిన టిప్పులను తీసేస్తాడు, లేదంటే దిద్దుతాడు. మరదలు అదీ చూపించింది. కింద పాత మెసేజీల పక్కన చిన్నగా "ఎడిటెడ్" అని ఉంది, టైము చూస్తే మ్యాచ్ అయిపోయాక. తమ్ముడు రోజూ చూస్తున్న ఫోనే అది. కళ్ళముందే ఉన్నా కనపడలేదు.

మా ఆయన అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చి, ఒళ్ళంతా మంటలు లేచాయి. మూడు చోట్ల చెయ్యి పెట్టాడట! రాశిలో ఎక్కడ చెయ్యి పెట్టాలో రైతును అడుగుతాడా ఆయన? రైతే ఒక పిడికెడు తీసి ఇస్తే దాన్ని చూసి ధర చెబుతాడా? మరి ఇక్కడ అమ్మేవాడే తనకు కావలసింది లాగి చేతిలో పెడితే, అది తాను తీసిందే అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళ పని నేర్చి ఏం లాభం!

ఫోను చేశాను. రెండు దాటింది అప్పటికి. చెప్పిందంతా విని, నీకు ఆట గురించి ఏం తెలుసని కసురుకున్నాడు. తమ్ముడు వేరే గ్రూపులో ఉన్నాడేమో, ఇలాంటి పేర్లతో దొంగ గ్రూపులు కూడా ఉంటాయన్నాడు. చూడండి మా ఆయన తెలివి! అసలు దొంగ ఒకడు, వాడి పేరుతో ఇంకో దొంగ అట! మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నేను తమ్ముణ్ని మగ్గం గుంటలోంచి లేపి, వాడి ఫోనుతో సహా బస్సెక్కించాను. ఆదోని చేరేదాకా నేను తిట్టిన తిట్లు విని ముందు సీటులో ముసలామె వెనక్కి తిరిగి, ఎవరమ్మా వాడు అని అడిగింది. ఎవరో తెలిస్తే బస్సులో ఎందుకుంటాను?

యార్డు చేరేసరికి నాలుగున్నర. షెడ్డు నీడలో ఏడుగురూ కూర్చున్నారు, మధ్యలో మా ఆయన. ఒక్కొక్కరికీ డబ్బు ఎలా పంపాలో చూపిస్తున్నాడు. తమ్ముడి ఫోనూ ఆయన ఫోనూ పక్కపక్కన పెట్టి ఆయన ముందు నేల మీద ఉంచాను. ఆయన చూశాడు. మొదట బొమ్మ చూశాడు, తర్వాత మాటలు, తర్వాత జట్టు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. అప్పటికే ఆయన ఐదువేలు పంపేశాడు. చాచా పంపాడు. ఇంకొకరు పంపారు. ఐదుగురు మిగిలారు.

"సెప్పు. నీ నోటితోనే సెప్పు" అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే, పంపొద్దండి, నేను తప్పు చూసినా అన్నాడు. ఐదుగురూ ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. చాచా మాత్రం ఒకసారి తన ఫోను వైపు, ఒకసారి మా ఆయన వైపు చూశాడు. డబ్బు పోయిన వెంటనే బ్యాంకుకూ, సైబర్ నేరాల ఫోన్ లైనుకూ చెబితే అది ఇంకా ఖాతాలో ఉంటే ఆపుతారని నేను బయలుదేరేటప్పుడే మరదలు చెప్పింది. ఆ పూటే చేద్దామన్నాను. ఉండండి, ఈ మ్యాచ్ చూసినాక పొద్దున చూద్దామన్నాడు మా ఆయన. బెట్టింగే నేరమని కేసు మన మీదే పెడితే అని ఆయనకు భయం. నేను కూడా ఇంక గట్టిగా అనలేదు. అప్పటికే ఏడుగురి ముందు ఆయన పరువు తీశాను, చాల్లే అనుకున్నాను. ఆ జాలి ఎందుకు పడ్డానో నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

మరుసటి పొద్దున బండి దగ్గరకు వచ్చేసరికి తెలిసింది. ఎర్రజట్టు గెలిచింది.

వాడు ఆదోనికి చెప్పింది కలిసింది, ఎమ్మిగనూరుకు చెప్పింది పోయింది. ఏదో ఒకటి కలవాలి కదా! కానీ ఆ ఐదుగురికి అదెలా అర్థమవుతుంది? నా వైపు చూసిన చూపులు నేను మరిచిపోలేను. ఒకడైతే, అక్కా, నీ మాట విని మూడింతలు పోగొట్టుకున్నామన్నాడు. ముగ్గురు నా బండి దాటి పక్క బండి దగ్గరకు పోయి టీ తాగారు. ఎదురుగా నిలబడి, నాకు కనపడేలా తాగారు.

మా ఆయన ఆరింటి నుంచి బండి వెనక స్టూలు మీద కూర్చుని ఫోను చూస్తూ ఉన్నాడు. లింకులో ఆయన పేరు మీద తొమ్మిదివేలు కనపడుతున్నాయి. అంకె పచ్చరంగులో మెరుస్తోంది. కింద ఒక మెసేజీ. డబ్బు బయటికి తీయాలంటే ముందు ట్యాక్సు రెండువేల ఏడువందలు కట్టాలట. గంటలోపల కట్టాలట. నేను బజ్జీలు వేస్తూ ఆయన్ను చూస్తున్నాను. ఆయన కట్టడం లేదు, వద్దని అనడమూ లేదు. అట్లే కూర్చున్నాడు.

ఇంతలో ఎమ్మిగనూరు నుంచి మరదలి ఫోను. తమ్ముడికీ మెసేజీ వచ్చిందట. "సారీ, చివరి ఓవర్లో లోపలి మనిషి మాట తప్పాడు, రేపటి మ్యాచ్‌తో మీ నష్టం మొత్తం వెనక్కి, ఫీజు సగమే" అని. తమ్ముడు రూపాయి కట్టకపోయినా వచ్చిందది. గెలిచినవాడూ కట్టాలి, ఓడినవాడూ కట్టాలి. మరదలు ఒక మాట అడిగి చూడమంది. ఆ తొమ్మిదివేల లోనే ట్యాక్సు కోసుకుని మిగతాది పంపమనండి అంది.

నేను పోయి మా ఆయనతో చెప్పాను. ఆయన అలాగే రాసి పంపాడు. రూల్సు ఒప్పుకోవు, ముందు కట్టాలి అని జవాబు. ఇంకోసారి అడిగాడు. అంతే, వాడి బొమ్మ మాయమైపోయింది. లింకు తెరుచుకోలేదు. పచ్చటి తొమ్మిదివేలు ఎక్కడివక్కడే పోయాయి. అవి ఎప్పుడూ డబ్బు కావు, తెర మీద అంకె. అంకె రాయడానికి వాడికి ఖర్చేముంది, వాని నోట్లో మన్నుబొయ్య! మాకు తొమ్మిదివేలు వేశాడు, కావాలంటే తొంభైవేలు వేసేవాడు.

మా ఆయన లేచాడు. చాచా ఇంటికి పోదాం పద అన్నాడు. పొయ్యి ఆర్పి నేనూ వెంట పోయాను. తలుపు తీసే ఉంది. చాచా గడప మీద కూర్చుని ఉన్నాడు, ఫోను మోకాలి మీద. ట్యాక్సు కట్టేశాడు. ఏడు గంటలకే కట్టాడట. కట్టాక ఇంకో మెసేజీ వచ్చింది, ఖాతా తెరిచే చార్జీ అని ఇంకో రెండువేలు. అది కట్టడానికి ఇంట్లో లేవు. లోపల ఆయన భార్య దగ్గు వినపడుతోంది.

మా ఆయన చెప్పాల్సింది చెప్పాడు. ఇంక పంపొద్దు చాచా, అంతా దొంగ లెక్క అన్నాడు. చాచా మోకాలి మీది ఫోను తీసి గడప మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నిన్న పంపొద్దంటివి బేటా. సరే అనుకున్యా. పొద్దున తొమ్మిదివేలు కనబడితే, నువ్వొస్తావేమో అడుగుదామని గంటసేపు ఈడే కూర్చున్యా. ఎందుకు రాలే?"

మా ఆయన గోడ వైపు చూశాడు. ఏదో ఒక సాకు చెబుతాడనుకున్నాను. చెప్పినా బాగుండేది.

"నాకూ తొమ్మిదివేలు కనబడినాయి చాచా" అన్నాడు.

స్టేషనుకు పోయాం, బ్యాంకుకు పోయాం. ఫిర్యాదు రాసుకున్నారు, కేసేమీ మా మీద పెట్టలేదు. మా ఆయన భయం వట్టిదే. డబ్బు పోయిన ఖాతా ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరో కూలీ పేరు మీద ఉందట. ఆ కూలీ తన ఖాతా ఇంకెవరికో అద్దెకిచ్చాడట. ఆ డబ్బు గురువారమే అందులోంచి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం పంపిన వెంటనే చెప్పి ఉంటే చూసేవాళ్ళమన్నారు. గెలిచామనిపించడమే వాడి రెండో దెబ్బ. ఓడి ఉంటే ఏడ్చుకుంటూ ఆ పూటే పరిగెత్తేవాళ్ళం. గెలిచినవాడు స్టేషనుకెందుకు పోతాడు?

చాచా మే నెలంతా రైల్వే గూడ్సు షెడ్డులో సిమెంటు మూటలకు పోయాడు. ఆ ఎండలో, ఆ వయసులో. మా ఆయన తన డబ్బులోంచి ఇస్తానంటే చాచా తీసుకోలేదు. రెండు రోజులు చూసి మూడో రోజు మా ఆయనా పోయాడు. జన్మలో మూట మోసినవాడు కాదు. మధ్యాహ్నం అన్నం క్యారియర్ తీసుకుని నేను పోయేసరికి, ఇద్దరూ లారీ పక్కన నిలబడి ఉన్నారు. మా ఆయన వీపు మీద తువ్వాలు వేసి, దాని మీద మూట ఎట్లా పడాలో చాచా చూపిస్తున్నాడు. నడుం వంచొద్దు, మోకాళ్ళు వంచు అంటున్నాడు, పసిపిల్లాడికి చెప్పినంత ఓపికగా. ఆ ఓపిక చూసి నాకు ఏడుపు వచ్చి ఉండాల్సింది. రాలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది, చాచా మా ఆయన్ను. ఆయన తిట్టలేదు. ఈ రోజు దాకా తిట్టలేదు.